సబ్సిడీ యంత్రం విలువ 20 లక్షలా, 13 లక్షలా?

గుంటూరు దగ్గర ఎవరో కారం మిల్లు పెట్టారనుకుందాం. మిర్చి తొడిమలు తీసే యంత్రం, పొడి కొట్టే పల్వరైజర్, జల్లెడ, ప్యాకింగ్ మిషన్ అన్నీ కలిపి 20 లక్షల రూపాయలు అయ్యాయి. చిన్న ఆహార శుద్ధి యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద అర్హమైన ఖర్చులో 35 శాతం సబ్సిడీ వస్తుంది, గరిష్ఠంగా 10 లక్షల వరకు. ఈ మిల్లుకు అది 7 లక్షలు. యజమానురాలు సొంతంగా 2 లక్షలు పెట్టారు, మిగతా 18 లక్షలు బ్యాంకు అప్పు. ఆ అప్పులో 7 లక్షలు సబ్సిడీతోనే తీరిపోవాలన్నది ఏర్పాటు.

మార్చి 31న ఖాతాలు ముగించాలి. ఆ రోజు ఆస్తుల పట్టీలో ఈ యంత్రాలకు ఎంత విలువ రాయాలి? కంపెనీ బిల్లులో 20 లక్షలుంది. మిల్లు జేబులోంచి నికరంగా పోయేది 13 లక్షలే. రెండూ సరైన జవాబులే, మన అకౌంటింగ్ ప్రమాణాలు రెండింటినీ ఒప్పుకుంటాయి. కాకపోతే ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి బ్యాంకు మేనేజరు కంటికి మిల్లు ఒకలా కనిపిస్తుంది, సబ్సిడీ వెనక్కి కట్టాల్సి వస్తే దెబ్బ ఒకలా తగులుతుంది. పన్ను అధికారి మాత్రం ఈ ఎంపికను అసలు పట్టించుకోడు. ఆ సంగతి తెలియక నష్టపోయేవాళ్లున్నారు.

ఈ రెండు పద్ధతుల్లోకి వెళ్లేముందు, చిన్న యూనిట్లలో ఎక్కువగా కనిపించే రెండు తప్పుదారులు చూద్దాం. మొదటిది, వచ్చిన 7 లక్షలను ఆ ఏడాది లాభంలో కలిపేయడం. కొత్తగా పెట్టిన మిల్లుకు మొదటి ఏడాది నిజంగా మిగిలింది లక్షన్నర అయితే, పుస్తకాల్లో ఎనిమిదిన్నర లక్షల లాభం కనబడుతుంది. మరుసటి ఏడాది మళ్లీ లక్షన్నరకే దిగుతుంది. వ్యాపారం ఏమీ పడిపోలేదు, అయినా పడిపోయినట్టు చూపించుకున్నాం. రెండోది, సబ్సిడీని యజమాని పెట్టుబడి ఖాతాకు జమ చేయడం. ఆ సంభాషణ దాదాపు ఇలా నడుస్తుంది.

"ఆడిటర్ గారూ, ఆ డబ్బు నేను ఎవరికీ తిరిగి కట్టక్కర్లేదు కదా. మరి నా పెట్టుబడిలో కలిపితే తప్పేంటండీ?"

"మీరు తెచ్చి పెట్టింది 2 లక్షలేనమ్మా. పుస్తకంలో 9 లక్షలని రాస్తే, బ్యాంకువాళ్లు మీ సొమ్ము 9 లక్షలు ఇందులో ఉందనుకుంటారు. పైగా అది ఒక్కసారి పెట్టుబడిలోకి పోయిందంటే ఇక ఏ ఏడాది లాభనష్టాల్లోకీ రాదు. యంత్రం మీద తరుగుదల మాత్రం పూర్తి 20 లక్షల మీద పడుతూనే ఉంటుంది."

ఆడిటర్ చివరన అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఒక యంత్రం పదేళ్లు పనిచేస్తే దాని ఖరీదును ఆ పదేళ్ల మీద పంచి, ఏటా కొంత ఖర్చుగా రాస్తాం. దాన్నే తరుగుదల అంటున్నాం. యంత్రం ఖర్చు పదేళ్ల మీద పరుచుకున్నప్పుడు, ఆ ఖర్చులో కొంత భరించడానికి వచ్చిన సబ్సిడీ కూడా అదే పదేళ్ల మీద పరుచుకోవాలి. ఖర్చు ఏ ఏడాదిదో, దాన్ని తగ్గించే సాయం కూడా ఆ ఏడాదిదే. రెండు పద్ధతులూ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడ్డాయి. దారులు మాత్రమే వేరు.

మొదటి దారిలో సబ్సిడీని యంత్రం ఖరీదులోంచి నేరుగా తీసేస్తారు. పుస్తకాల్లో యంత్రం 13 లక్షలతోనే మొదలవుతుంది. పదేళ్ల ఆయుష్షు, చివర్లో పాత ఇనుము విలువ ఏమీ లేదనుకుంటే, ఏటా లక్షా 30 వేలు తరుగుదల. సబ్సిడీ అన్న పేరు ఆ తర్వాత ఆస్తుల పట్టీలో ఎక్కడా కనిపించదు.

రెండో దారిలో యంత్రాన్ని 20 లక్షలకే ఉంచుతారు. ఏటా తరుగుదల 2 లక్షలు. వచ్చిన 7 లక్షలను అప్పుల వైపు, 'వాయిదా వేసిన ప్రభుత్వ గ్రాంటు' అని విడిగా ఒక పద్దు తెరిచి అందులో పెడతారు. అది ఇంకా సంపాదించని ఆదాయం. ఏటా అందులోంచి 70 వేలు తీసి, సాధారణంగా 'ఇతర ఆదాయం' కింద, లాభనష్టాల ఖాతాలోకి మళ్లిస్తారు. పదేళ్లకు ఆ పద్దు సున్నా అవుతుంది, యంత్రం విలువా సున్నా అవుతుంది. ఇక్కడ తరుగుదల ఏ నిష్పత్తిలో రాస్తే గ్రాంటునూ అదే నిష్పత్తిలో మళ్లించాలి. తరుగుదలను తగ్గుతున్న విలువ మీద వేస్తూ గ్రాంటును మాత్రం సమానంగా పదేళ్లకు పంచితే, మొదటి ఏళ్లలో ఖర్చు ఎక్కువ, సాయం తక్కువ అయి లెక్క చెడుతుంది. ట్యాలీలో తరుగుదల ఎంట్రీ ఒకలా, గ్రాంటు ఎంట్రీ ఇంకోలా వేసేసి, ఆ తేడా ఎందుకొచ్చిందో రెండేళ్ల తర్వాత వెతుక్కోవడం చాలా ఆఫీసుల్లో జరిగేదే.

లాభం మీద ప్రభావం రెండింట్లోనూ ఒకటే. ఒకచోట లక్షా 30 వేల ఖర్చు. ఇంకోచోట 2 లక్షల ఖర్చు, 70 వేల ఆదాయం, నికరంగా మళ్లీ లక్షా 30 వేలే. మధ్యలో యంత్రం అమ్మేసినా ఇదే వరస. ఆరేళ్ల తర్వాత 6 లక్షలకు అమ్మారనుకోండి. మొదటి పద్ధతిలో పుస్తక విలువ 5 లక్షల 20 వేలు కాబట్టి 80 వేలు లాభం. రెండో పద్ధతిలో పుస్తక విలువ 8 లక్షలు కాబట్టి 2 లక్షల నష్టం. కానీ మిగిలిన గ్రాంటు 2 లక్షల 80 వేలు అదే రోజు ఆదాయంలోకి వచ్చేస్తుంది కాబట్టి నికరం 80 వేల లాభమే.

మరి తేడా ఎక్కడుంది? చూసేవాడి కంట్లో ఉంది. మిల్లు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలనుకుంటే, 20 లక్షల యంత్రాలతో రూపాయికి రెండు రూపాయల అమ్మకం. అవే యంత్రాలను 13 లక్షలని రాస్తే రూపాయికి మూడు దాటుతుంది. సబ్సిడీ లేకుండా పక్కనే పెట్టిన మిల్లుతో పోల్చితే మొదటి పద్ధతి మిల్లు చాలా చురుగ్గా నడుస్తున్నట్టు అనిపిస్తుంది, నిజానికి పల్వరైజర్ రెండుచోట్లా అదే వేగంతో తిరుగుతుంది. రెండో పద్ధతికీ దాని మాయ దానికుంది. ఏటా వచ్చే ఆ 70 వేలు పుస్తకంలో ఆదాయమే తప్ప గల్లాపెట్టెలోకి కొత్తగా వచ్చిన డబ్బు కాదు. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం ఎంతో చూసి అప్పు తీర్చే శక్తిని అంచనా వేసే బ్యాంకు అధికారి, ఈ 70 వేలను పక్కకు తీయకపోతే మిల్లు స్తోమతను ఎక్కువగా లెక్కగడతాడు. అనుభవమున్నవాళ్లు 'ఇతర ఆదాయం' దగ్గర ఆగి, ఇందులో గ్రాంటు ఎంత అని అడిగేది ఇందుకే. వాయిదా గ్రాంటు పద్దు అప్పుల వైపు ఉన్నా అది తీర్చాల్సిన అప్పులాంటిది కాదు. అలాగని యజమాని సొంత నిధుల్లో లెక్కేయదగ్గదీ కాదు. రిజర్వుల్లో కలపకుండా విడిగా చూపమని ప్రమాణం చెప్పింది అందుకే.

మొదటి పద్ధతి ఎంచుకున్నవాళ్లు బీమా దగ్గర తరచూ దెబ్బతింటారు. అగ్నిప్రమాద బీమా పాలసీకి యంత్రాల విలువ రాసి పంపమంటే, అకౌంటెంటు బ్యాలెన్స్ షీట్ తెరిచి 13 లక్షలని రాస్తాడు. ఆయన తప్పేం లేదు, పుస్తకంలో ఉన్నది అదే. కానీ మంట 13 లక్షల యంత్రాన్ని కాల్చదు. కొత్తది కొనాలంటే 20 లక్షలు కావాలి. ప్రమాదం జరిగాక సర్వేయర్ వచ్చి, ఉన్న ఆస్తి విలువ 20 లక్షలు, బీమా చేసింది 13 లక్షలకే, అంటే 65 శాతానికే అని తేలుస్తాడు. అప్పుడు 10 లక్షల నష్టానికి 6 లక్షల 50 వేలే చేతికొస్తాయి. తక్కువకు బీమా చేసినందుకు నష్టంలో ఆ మేరకు యజమానే భరించాలన్న నిబంధన ఈ పాలసీల్లో ఉంటుంది. కొద్దిపాటి తేడాను మన్నించే పాలసీలున్నాయి గానీ 35 శాతం తేడాను మన్నించవు. అందుకే యంత్రాన్ని బ్యాలెన్స్ షీట్‌లో ఎంతకు చూపినా, ఆస్తుల రిజిస్టరులో మాత్రం బిల్లు ఖరీదు 20 లక్షలు ఒక గడిలో, గ్రాంటు 7 లక్షలు ఇంకో గడిలో, మంజూరు పత్రం తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. బీమాకు చూడాల్సింది ఆ రిజిస్టరు, అదీ ఇవాళ్టి కొనుగోలు ధరతో సరిచూసి.

ఈ ఎంపిక ఎవరికి ఎంత వరకు ఉందో కూడా చూడాలి. మన దేశంలో చిన్న, మధ్యతరహా సంస్థలకు వర్తించేది చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1991లో తెచ్చిన ఏఎస్ 12. అది మొదటి నుంచీ రెండు పద్ధతులనూ అనుమతించింది. ఖరీదు మొత్తం, లేదా దాదాపు మొత్తం, గ్రాంటుగానే వస్తే తీసివేత పద్ధతిలో ఆ యంత్రాన్ని నామమాత్రపు విలువకు చూపమంది. లక్షలు చేసే యంత్రం కొన్ని సంస్థల పుస్తకాల్లో ఒక్క రూపాయికి కనబడటానికి కారణం అదే. లిస్టెడ్ కంపెనీలు, పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 20 మాత్రం మొదట్లో ఒక్క దారినే, వాయిదా ఆదాయం దారినే, ఉంచింది. దాని మాతృక అయిన అంతర్జాతీయ ప్రమాణం రెండు దారులూ ఇస్తుంటే మనకెందుకీ కట్టడి అన్న ప్రశ్న ఉండనే ఉంది. చివరికి 2018 సెప్టెంబరులో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సవరణ తెచ్చి తీసివేత దారినీ తెరిచింది. బ్రిటన్‌లో కంపెనీలు వాడే ఎఫ్ఆర్ఎస్ 102 ఇప్పటికీ తీసివేతను ఒప్పుకోదు. ఆస్తిని కొన్న ధరకే చూపాలన్న పట్టు అక్కడ బలంగా ఉంది.

నాకైతే బ్రిటన్ వాళ్ల పట్టులో సబబు కనిపిస్తుంది. మావయ్య సగం డబ్బిచ్చి కొనిపెట్టిన బండిని ఎంతకు కొన్నావని ఎవరైనా అడిగితే షోరూం ధరే చెబుతాం, మన వాటా చెప్పం. ఎవరెంత ఇచ్చారన్నది రెండో ప్రశ్న, దానికి రెండో జవాబు ఉండాలి. తీసివేత పద్ధతి రెండు ప్రశ్నలకూ కలిపి ఒక్క అంకె చెప్పి ఊరుకుంటుంది.

ఇక పన్ను. ఇక్కడ ఎంపిక లేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 43(1) సెక్షన్‌కు 1998 ఫైనాన్స్ చట్టంతో పదో వివరణ చేర్చారు. ఆస్తి ఖరీదులో ప్రభుత్వం సబ్సిడీగా, గ్రాంటుగా, ఏ పేరుతోనైనా భరించిన భాగాన్ని 'అసలు ఖరీదు' లోంచి తీసేయాలన్నది దాని సారం. దాని వెనక ఒక కోర్టు తగాదా ఉంది. 1994లో పి.జె. కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు, పరిశ్రమ పెట్టమని ప్రోత్సాహంగా ఇచ్చే సబ్సిడీని, దాన్ని ఆస్తి ఖరీదులో ఇంత శాతమని లెక్కగట్టినంత మాత్రాన, ఖరీదులోంచి తగ్గించాల్సిన పని లేదని చెప్పింది. అంటే పరిశ్రమలు 13 లక్షలు పెట్టి 20 లక్షల మీద తరుగుదల తీసుకోవచ్చన్నమాట. ప్రభుత్వం ఆ దారిని చట్ట సవరణతో మూసేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి పాత నంబరు పట్టుకుని కొత్త పుస్తకంలో వెతకొద్దు.

మన మిల్లు లెక్కలో చూద్దాం. యంత్రాల మీద పన్ను చట్టం ఇచ్చే మామూలు తరుగుదల 15 శాతం. అదనపు తరుగుదల సంగతి పక్కన పెడితే, 20 లక్షల మీద అది మొదటి ఏడాది 3 లక్షలయ్యేది. 13 లక్షల మీదే లెక్కగట్టాలి కాబట్టి లక్షా 95 వేలే. సబ్సిడీని షెడ్డుకూ యంత్రాలకూ కలిపి మంజూరు చేస్తే, ఏ ఆస్తికి ఎంతని విడదీయలేకపోతే, వాటి ఖరీదుల నిష్పత్తిలో పంచాలి.

వాయిదా ఆదాయం పద్ధతి పాటించేవాళ్లు ఇక్కడే కాలు జారతారు. పుస్తకాల్లో ఏటా 70 వేలు ఆదాయంగా ఉంటుంది. పన్ను లెక్క వేసేటప్పుడు పుస్తక లాభంతో మొదలుపెట్టి, పుస్తక తరుగుదల 2 లక్షలను కలిపి, పన్ను తరుగుదల లక్షా 95 వేలను తీసేస్తారు. ఆ 70 వేలను కూడా తీసేయడం మాత్రం మరిచిపోతారు. అప్పుడు ఒకే సబ్సిడీకి రెండుసార్లు పన్ను కట్టినట్టు. ఒకసారి తరుగుదల తగ్గడం ద్వారా, రెండోసారి ఆ 70 వేలు ఆదాయంలో ఉండిపోవడం ద్వారా. 30 శాతం పన్ను కట్టే సంస్థకు ఇది ఏడాదికి 21 వేలు, పదేళ్లకు 2 లక్షల 10 వేలు. ఎవరూ నోటీసు పంపరు, ఎక్కువ కట్టారని చెప్పేవాళ్లూ ఉండరు. 2015లో సబ్సిడీలన్నిటినీ ఆదాయం నిర్వచనంలోకి తెచ్చినప్పుడు కూడా, ఆస్తి ఖరీదులోంచి ఇప్పటికే తీసేసిన సబ్సిడీని దానికి మినహాయింపుగా ఉంచారు. ఆ మినహాయింపును వాడుకోవాల్సింది మనమే. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. పుస్తకాల్లో 20 లక్షలుంది కదా అని పన్ను తరుగుదలనూ 20 లక్షల మీదే తీసుకోవడం. దానికి మాత్రం నోటీసు వస్తుంది, వడ్డీతో.

ఇదంతా యంత్రం కొనడానికి ఇచ్చిన సాయం గురించి. మిల్లు నడపడానికి ఇచ్చే సాయం, అంటే కరెంటు బిల్లులో రాయితీ, కట్టిన అమ్మకం పన్ను వాపసు లాంటివి, ఈ లెక్కలోకి రావు. ఈ గీత గీసిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి మన దగ్గరి నుంచి వెళ్లిన కేసే. 1968లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త పరిశ్రమలకు ప్రకటించిన రాయితీల మీద సహానీ స్టీల్ కంపెనీకీ ఆదాయపు పన్ను శాఖకూ తగాదా వచ్చింది. ఉత్పత్తి మొదలయ్యాక వ్యాపారం నడవడానికి ఇచ్చిన సాయం కాబట్టి అది మామూలు ఆదాయమేనని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. జీవోలో 'పెట్టుబడి సబ్సిడీ' అన్న పేరుందా లేదా అన్నది కాదు, ఎందుకోసం ఇచ్చారన్నది చూడాలి.

మళ్లీ మన మిల్లుకు వద్దాం. ఇంతవరకూ 7 లక్షలు మొదటి రోజే చేతికొచ్చినట్టు మాట్లాడుకున్నాం. అలా జరగదు. సబ్సిడీ బ్యాంకులో విడి ఖాతాలో ఉంటుంది. చివరి విడత అప్పు ఇచ్చిన తేదీ నుంచి మూడేళ్లు గడిచి, అప్పు ఖాతా మొండి బకాయి కాకుండా, యూనిట్ నడుస్తూ ఉంటేనే దాన్ని అప్పుకు సర్దుతారు. అప్పటిదాకా అది మనదా, కాదా?

గ్రాంటు వస్తుందని, దాని షరతులు పాటిస్తామని తగినంత నమ్మకం కుదిరినప్పుడే ఖాతాల్లోకి తీసుకోవాలంటుంది ప్రమాణం. డబ్బు చేతికి రావడం ఒక్కటే ఆ నమ్మకానికి రుజువు కాదని కూడా అంటుంది. వాయిదాలు సక్రమంగా కడుతూ, ఆర్డర్లు చేతినిండా ఉన్న మిల్లు అయితే మొదటి ఏడాదే తీసుకుని పైన చెప్పిన లెక్క వేసుకోవచ్చు. మొదటి ఏడాదిలోనే వాయిదాలు తప్పుతున్న మిల్లు ఆగాలి. ఆగిన మిల్లు లెక్క ఇలా ఉంటుంది. మూడేళ్లపాటు పూర్తి 20 లక్షల మీద ఏటా 2 లక్షలు తరుగుదల రాస్తూ పోతారు. మూడో ఏడాది చివర పుస్తక విలువ 14 లక్షలు. అప్పుడు 7 లక్షలు సర్దుబాటైతే, మిగిలిన 7 లక్షలను మిగిలిన ఏడేళ్లకు పంచుతారు, ఏటా లక్ష. వాయిదా పద్ధతిలో అయితే 7 లక్షలను ఏడేళ్లకు పంచి ఏటా లక్ష ఆదాయం, 2 లక్షల తరుగుదల, నికరం మళ్లీ లక్షే. పాత మూడేళ్ల ఖాతాలను తిరగరాయరు. పన్ను లెక్కల ప్రమాణం మాత్రం ఇక్కడ కొంచెం కటువు. గ్రాంటు నిజంగా చేతికి అందిన తేదీ దాటి గుర్తింపును వాయిదా వేయొద్దంటుంది. మరి బ్యాంకు విడి ఖాతాలో పడటం 'అందడమేనా' అన్నది ఆడిటర్లు మంజూరు పత్రం షరతులు చదివి తేల్చాల్సిన విషయం. ఆ పత్రం ప్రతిని ఫైల్లో ఉంచమని వాళ్లు అడిగేది ఊరికే కాదు.

షరతు తప్పితే ఏమవుతుంది? ఇక్కడే రెండు పద్ధతులూ మొదటిసారి విడిపోతాయి. మన మిల్లు మొదటి ఏడాదే గ్రాంటును ఖాతాల్లోకి తీసుకుంది. నాలుగేళ్లు నడిచాక ఏదో షరతు ఉల్లంఘించారని 7 లక్షలు వెనక్కి కట్టమన్నారనుకుందాం.

ఏఎస్ 12 ప్రకారం, తీసివేత పద్ధతిలో ఉన్నవాళ్లు ఆ 7 లక్షలను యంత్రం విలువకు కలుపుతారు. నాలుగేళ్ల తర్వాత యంత్రం 7 లక్షల 80 వేలుంటుంది, అది 14 లక్షల 80 వేలవుతుంది. ఆ మొత్తాన్ని మిగిలిన ఆరేళ్లకు పంచితే ఏడాదికి దాదాపు 2 లక్షల 47 వేలు. ఆ ఏడాది లాభనష్టాల ఖాతాలో పెద్ద కుదుపేమీ కనిపించదు, భారమంతా రాబోయే ఆరేళ్ల మీదికి జారిపోతుంది. వాయిదా పద్ధతిలో ఉన్నవాళ్ల దగ్గర గ్రాంటు పద్దులో మిగిలింది 4 లక్షల 20 వేలే. కట్టాల్సింది 7 లక్షలు. పద్దు తుడిచిపెట్టాక ఇంకా తగ్గే 2 లక్షల 80 వేలు ఆ ఏడాదే ఖర్చుగా పడతాయి. యంత్రం మాత్రం 12 లక్షల దగ్గర ఉండి, ఏటా 2 లక్షల చొప్పున తరుగుతూ పోతుంది.

ఆ 2 లక్షల 80 వేలు ఎక్కణ్నుంచి వచ్చాయి? గ్రాంటు లేకపోయి ఉంటే నాలుగేళ్లలో 8 లక్షల తరుగుదల రాసి ఉండేవాళ్లు. గ్రాంటు ఉందన్న ధీమాతో నికరంగా 5 లక్షల 20 వేలే రాశారు. తక్కువ రాసినదే ఇప్పుడు ఎదురొచ్చింది. ఆ భారం గడిచిన నాలుగేళ్లది, దాన్ని రాబోయే ఆరేళ్ల నెత్తిన వేయడం న్యాయంగా అనిపించదు. ఇండ్ ఏఎస్ 20 రాసినవాళ్లూ అలాగే అనుకున్నట్టుంది. ఏ పద్ధతిలో ఉన్నా, యంత్రం విలువకు కలిపినా సరే, ఆ తక్కువ రాసిన తరుగుదలను వెంటనే లాభనష్టాల్లోకి తేవాలని అది చెబుతుంది. చిన్న సంస్థల ప్రమాణంలో మాత్రం ఆ తేడా అలాగే ఉండిపోయింది.

అందుకే చిన్న యూనిట్ యజమాని నన్నడిగితే, మూడేళ్ల షరతు తీరేదాకానైనా గ్రాంటు విడిగా కనబడే వాయిదా పద్ధతినే మొదటి నుంచి ఎంచుకోమంటాను. తీసివేత పద్ధతి పన్ను లెక్కకు దగ్గరగా ఉంటుంది, ఎంట్రీలు తక్కువ, ఇవి నిజమే. కానీ వెనక్కి ఇవ్వాల్సి రావచ్చన్న డబ్బు అందులో ఎక్కడా కనిపించదు. మూడో ఏడాది మేనేజరు మారితే, అకౌంటెంటు మారితే, అలాంటి షరతు ఒకటుందని గుర్తుచేసే అంకె పుస్తకంలో ఉండదు. ఒకసారి ఎంచుకున్న పద్ధతిని ఏడాదికోసారి మార్చడానికి వీల్లేదు. ఏది పాటిస్తున్నారో, ఎంత గ్రాంటు వచ్చిందో ఖాతాల నోట్సులో రాయాలి కూడా.

నడుస్తున్న మిల్లు కొనడానికో, భాగస్వామిగా చేరడానికో వెళ్లేవాళ్లు చూడాల్సింది ఆ నోట్సే. గ్రాంటు వచ్చిందని నోట్సులో ఉండి బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడా కనిపించకపోతే తీసివేత పద్ధతి అన్నమాట, ఆస్తుల రిజిస్టరు తెప్పించుకుని బిల్లు ఖరీదు చూడాలి. వాయిదా గ్రాంటు పద్దు ఏళ్ల తరబడి ఒకే అంకె దగ్గర ఆగిపోయి ఉంటే, రెండింట్లో ఏదో ఒకటి జరిగింది. ఏటా మళ్లించడం మానేశారు, లేదా ఆ యంత్రాన్ని ఎప్పుడో అమ్మేసి పద్దును మాత్రం మరిచిపోయారు. షెడ్డులోకి వెళ్లి యంత్రం మీది సీరియల్ నంబరును బిల్లుతో పోల్చి చూస్తే ఏది జరిగిందో తెలిసిపోతుంది.